అచ్చులు తీసేసిన పేరు

అరకులో ఇంటర్నెట్ సెంటర్ నడిపిన రోజుల్లో మెయిల్ ఐడీలు తయారుచేసీ చేసీ విసిగిపోయాను. ఏ పేరు కొట్టినా ఎవరో ముందే తీసేసుకుని ఉండేవారు. ఒక షాపుకు అరకునూ కాఫీనీ కలిపి మధ్య అక్షరాలు మింగేసి ఒకే మాటగా అతికిస్తే, ఫోన్‌లో విన్నవాళ్లు రెండు మాటలూ పూర్తిగా కొట్టేవారు. ఇంకొకాయనకు ఊరి పేరు తిరగేసి ఇస్తే ఆయనకే నోరు తిరగలేదు.

నర్సు ట్రైనింగుకు దరఖాస్తు పెట్టుకునే అనంతగిరి అమ్మాయికి, ఇంగ్లిషులో తన పేరు రాసి అచ్చులు తీసేసి ఐడీ ఇచ్చాను. ప్రతి సంతరోజూ వచ్చి మెయిల్ చూడమనేది. ఏమీ వచ్చేది కాదు. ట్రైనింగులో చేరే గడువు దాటాక, ఫారంలో ఐడీ ఏమని రాశావని అడిగాను.

"నా పేరే, మొత్తం రాసేను."

ఆ పూర్తి పేరు ఐడీ ఇంకెవరిదో, కబురు వాళ్లకే వెళ్లి ఉంటుందని చెప్పాను.

"నా పేరు నేను రాసుకుంటే తప్పేటన్నా?" అంది.