ఆసుపత్రిలో 'మళ్ళీ రండి'

నేను పనిచేసే ప్రైవేటు ఆసుపత్రికి వికారాబాద్‌లో ఒక భవనం, తాండూరులో ఒక భవనం ఉన్నాయి. ఈసీజీ యంత్రాలు, మానిటర్లు, సిరంజి పంపులు రెండుచోట్లా పనిచేసేలా చూడటం నా ఉద్యోగం. వారానికి మూడు రోజులు పొద్దున రైలుకు తాండూరు వెళ్తాను. భాష నేర్పడం నా పని కాదు. ఆ పని నాకు అంటగట్టింది మా మేనేజరు.

"గా కేరళ సిస్టర్‌కు జర తెలుగు నేర్పు తమ్మీ. నువ్వు లిస్టులు మస్తు రాస్తవ్ గదా" అన్నాడు. "పలకరింపులు చాలు. పేషెంటు లోపలికి వస్తే ఒకటి, పోతే ఒకటి. ఒక్క కంప్లైంట్ వచ్చినా పర్మనెంట్ చెయ్య, ఇంటికి పంపిస్త."

ఆమె తాండూరు వార్డులో నర్సుగా చేరి రెండు నెలలైంది. మూడు నెలలు చూసి ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. సూది వేస్తే నొప్పి తెలియదని రోగులే చెప్పుకునేవాళ్ళు. కానీ మాట లేదు. మంచం దగ్గరికి వచ్చి, పని చేసి, నవ్వి వెళ్ళిపోయేది. "పొగరు" అన్నారు కొందరు. ఈ ఉద్యోగం పోతే ఊరికి తిరిగి వెళ్ళాలని, వెళ్ళే ముఖం తనకు లేదని వచ్చీరాని హిందీలో నాతో అంది.

నేను పద్ధతిగానే మొదలుపెట్టాను. ఇప్పటికీ ఆ పద్ధతిని తప్పుపట్టను. మొదటి రెండు రోజులు ఏమీ మాట్లాడకుండా వినమన్నాను: వార్డులో ఎవరు ఎవరిని ఎలా పలకరిస్తున్నారో చూడాలి. తర్వాత రోజుకు ఒక్క పలకరింపు. మాటతోపాటు దానికి వచ్చే జవాబు కూడా నేర్చుకోవాలి, లేకపోతే ఎదుటివాళ్ళు నోరు తెరవగానే బెదిరిపోతాం. ఆ రోజే కనీసం ఐదుగురు నిజమైన మనుషులతో అనాలి. మర్నాడు నిన్నటిది మళ్ళీ అని, కొత్తది ఒకటి కలపాలి. పెద్దవాళ్ళను "బాగున్నరా", చిన్నపిల్లలను "బాగున్నవా". ఎదుటివాళ్ళు సలాం అంటే సలాం, నమస్తే అంటే నమస్తే.

వార్డు ఆయమ్మతో సాధన చేయించాను. ఆమె తాండూరు మనిషి, ఇంట్లో ఉర్దూ, వార్డులో తెలుగు. పలకరింపులు రాసిన నా కాగితం చూసి పెదవి విరిచింది.

"శుభోదయమా? క్యా బేటా, గీ మాట మీ ఇంట్ల ఎవలన్న అంటరా?"

"అనరు."

"మరి గీ పిల్లకెందుకు? తిన్నరా అని అడగమను. గంతే."

శుభోదయం కొట్టేసి "ఏమన్న తిన్నరా" రాశాను. మర్నాడే సిస్టర్ దాన్ని ఆపరేషన్ కోసం పస్తున్న పెద్దమనిషి మీద ప్రయోగించింది. "తిననిస్తున్నరా మీరు? నిన్నటి సంది నోట్లె నీళ్ళ సుక్క లేదు!" అన్నాడాయన. వార్డంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. ఆ రోజు నుంచి ఆమెను ఎవరూ పొగరు అనలేదు. పక్కమంచం ముసలామె తనే పిలిచి "నువ్వు తిన్నవా బిడ్డా?" అని అడిగేది. "తిన్న అమ్మా, మీరు తిన్నరా?" అని ఈమె. సాధన అంటే అదే.

అప్పుడు మేనేజరు కాగితం తెప్పించుకుని చూశాడు. చివర ఒకటి కలపమన్నాడు: వెళ్ళే ప్రతి ఒక్కరికీ చేతులు జోడించి "పోయి రండి, మళ్ళీ రండి". బట్టల దుకాణంలో అలాగే అంటారట, రివ్యూలో స్టార్లు పడతాయట.

ఆసుపత్రిలో ఎవరినీ మళ్ళీ రమ్మనకూడదని నాకు తెలుసు. ఇంటికి పోతున్న రోగిని "మంచిగ పో, మళ్ళ రాకు" అని పంపించే ఊళ్ళో పుట్టాను నేను. చావు జరిగిన ఇంటి నుంచి పోయొస్తనని కూడా చెప్పకుండా లేచి వస్తాం. ఇవన్నీ తెలిసీ, వాదన ఎందుకులే అని, తొమ్మిదో వరుసలో ఆ మాట టైపు చేసి, లామినేషన్ చేయించి, నర్సుల బల్ల దగ్గర అంటించాను. ఆయమ్మ చదవలేదు. చదివి ఉంటే చింపేసేది.

తర్వాతి వారం ఒకరోజు మధ్యాహ్నం బంట్వారం దగ్గరి పల్లె నుంచి తెచ్చిన పెద్దాయన వార్డులో చనిపోయాడు. నేను అక్కడే మానిటరు వైరు మారుస్తున్నాను. గంట తర్వాత ఆయన కొడుకు, ఆయన భార్య శవాన్ని అంబులెన్సులోకి ఎక్కించారు. సిస్టర్ గుమ్మం దాకా నడిచింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేర్పినట్టే చేతులు జోడించి, నేర్పినట్టే స్పష్టంగా అంది: "పోయి రండి. మళ్ళీ రండి."

కొడుకు ఆగిపోయాడు.

"మళ్ళ రావాల్నా? ఇంకెవల్ని తేవాలె? మా అమ్మను తేవాల్నా?"

ఆమెకు అర్థం కాలేదు. కోపం మాత్రం అర్థమైంది. ఏం చేయాలో తెలియక ఇంకోసారి చేతులు జోడించింది. ఆమె ఉచ్చారణలో ఒక్క దోషం లేదు. అంత బాగా నేర్పాను.

సాయంత్రం కొడుకు ఫోన్లో ఫిర్యాదు చేశాడు. మేనేజరు మొదట చేసిన పని, గోడ మీది కాగితం పీకించడం. రెండోది, నన్ను వికారాబాద్‌కు పిలిపించి ఒక ఉత్తరం ముందు పెట్టడం. సిస్టర్ తనంతట తనే అలా మాట్లాడిందని, నేను సాక్షినని అందులో ఉంది.

"సంతకం పెట్టు. ఆమె పోతది, ఖతం."

"ఆ మాట మీరే కలపమన్నరు సార్."

"నేను గట్ల ఎప్పుడన్న?"

మొహంలో వెంట్రుకంత మార్పు లేదు. టీ తాగుతూనే ఉన్నాడు. నేను సంతకం పెట్టలేదు. అది ధైర్యం అనుకోవద్దు, ఆ బల్ల ముందు ఇంకో నిమిషం కూర్చోలేకపోయాను. గోడ మీది పలకరింపుల కాగితం నేను తయారుచేశానని, ఆమెది తప్పు కాదని వేరే కాగితం మీద రాసి ఇచ్చి వచ్చాను. "దీనితోని ఏం కాదు" అన్నాడు, చదవకుండానే. ఫిర్యాదు ఉన్నంతవరకు ఆమె ఉద్యోగం ఖాయం కాదట.

ఆదివారం ఆయమ్మ, సిస్టర్, నేను బస్సెక్కి ఆ పల్లెకు పోయాం. అక్కడ ఏమనాలని సిస్టర్ దారంతా అడుగుతూనే ఉంది. ఆయమ్మ ఆమె చేయి గట్టిగా పట్టుకుని "కుచ్ నై బోల్నా. ఏమనకు. కూసో, గంతే" అంది.

సిస్టర్ పోయి, పెద్దాయన భార్య అయిన ఆ ముసలామె పక్కన నేల మీద కూర్చుంది. నేను బయట కొడుకుతో నిలబడ్డాను.

"గామెకు మన భాష రాదు. ఆ మాట నేర్పింది నేనే" అన్నాను.

అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"నువ్వు ఏడోనివి?"

"గీ జిల్లానే."

"మరి నీకు తెల్వదా?"

"తెలుసు."

తెలియదని అంటే క్షమించేవాడేమో. తెలుసన్నాక అతను పక్కకు తిరిగి నేల మీద ఉమ్మాడు. తర్వాత ఫోన్ తీసి, నా ముందే మేనేజరుకు చెప్పాడు: "గా పిల్ల మీద నాకేం లేదు. ఆమెను ఏం అనకుండ్రి." నా గురించి ఏమీ చెప్పలేదు.

సోమవారం ఆమెకు ఉద్యోగం ఖాయమైన కాగితం ఇచ్చారు. ఇస్తూ మేనేజరు ఉత్సాహంగా ఇంకో ఆలోచన చెప్పాడు: మేమిద్దరం మళ్ళీ ఆ పల్లెకు పోవాలి, ఆమె ఆ ముసలామె చేయి పట్టుకుని మాట్లాడుతుంటే నేను వీడియో తీయాలి, ఆసుపత్రి పేజీలో పెడతాడు. నేను తీయనన్నాను.

"ఇంకొకడు తీస్తడు. నువ్వు చెప్పు సిస్టర్" అన్నాడు.

ఆమె కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుంది. ఒక్కో మాట కూడబలుక్కుంటూ, ఎవరూ నేర్పని వాక్యం చెప్పింది.

"ఆ ఇంటికి నేను ఫోన్ పట్టుకొని పోను సార్."