తుఫాను కొట్టిన అరవై

టైపింగ్ సెంటర్‌లో అతన్ని అందరూ తుఫాను అంటారు. ఆ పేరు వినగానే అతని ఛాతీ ఉబ్బేది, పక్క సీట్లో నేర్చుకుంటున్న భార్యకు ఒళ్ళు మండేది. తప్పు పడితే ఆగి దిద్దుకోవడం అతనికి నామోషీ. "నీది నత్త నడక" అని ఆమెను రోజూ దెప్పేవాడు.

గుమాస్తా ఉద్యోగాల టైపింగ్ పరీక్షకు ఇద్దరూ వెళ్ళారు. ఇచ్చిన పేజీని పది నిమిషాలు కొట్టాలి. అయిదు నొక్కులకు ఒక మాట లెక్కన నిమిషానికి కనీసం ముప్పై అయిదు మాటలు రావాలి, తప్పులు నూటికి అయిదు దాటకూడదు. తుఫాను కీబోర్డు మీద విరుచుకుపడ్డాడు. మధ్యలో రెండు లైన్లు ఎగిరిపోయినా చూసుకోలేదు. ఆమె మాత్రం దిద్దుకుంటూ నింపాదిగా కొట్టింది.

ఆమె నెగ్గింది, అతను తప్పాడు. పరీక్షాధికారి దగ్గరికి వెళ్ళి నిలదీశాడు.

"నేను అరవై కొట్టానండీ. ముప్పై ఆరు కొట్టినావిడకి ఉద్యోగమా?"

"మీరు వదిలేసిన రెండు లైన్లలో ప్రతి మాటా ఒక తప్పే. మీ తప్పులు నూటికి తొమ్మిది. ఇక స్పీడు ఎంతున్నా పనికిరాదు" అన్నాడాయన.

ఇంటికొచ్చేదాకా తుఫాను కీబోర్డును తిట్టాడు, కుర్చీని తిట్టాడు, చివరికి పేజీ రాసినవాణ్ణీ వదల్లేదు.

ఆమె మొదటిరోజు ఆఫీసుకు బయల్దేరేసరికి గుమ్మంలో తుఫాను పక్కింటాయనకు తన అరవై గురించి ఊదరగొడుతున్నాడు. ఆమె చెప్పులు వేసుకుంటూ అంది:

"ఆ రెండు లైన్లూ ఇక్కడ కూడా వదిలేశారేంటండీ?"