వెండి పూసిన బిళ్ళ

జగిత్యాలలో నేను ఫిజిక్స్ చెప్పే పీజీ కాలేజీకి ఆ ఏడు పరీక్షకుడిగా వచ్చిన పెద్దమనిషి లాంటి పండితుణ్ణి మళ్ళీ చూడలేదు. చూడాలని కూడా లేదు.

నా విద్యార్థిని ఒకామె సిరిసిల్ల నుంచి బస్సులో వచ్చేది. ప్రాజెక్టు కోసం నికెల్ ఆక్సైడ్ పొడిని నొక్కి, కాల్చి, లేత ఆకుపచ్చ బిళ్ళ చేసింది. రెండు ముఖాలకూ వెండి పేస్టు పూసి మీటరు పెట్టింది. మెగాఓముల రేంజిలోనూ అందనంత నిరోధం. ఆ ప్రాజెక్టు పాసైతేనే ఆమెకు డిగ్రీ.

ఆయన చూసి నవ్వాడు. "సగం నిండిన బ్యాండ్ గద బిడ్డా, ఎలక్ట్రాన్లు ఆగకుండ పారుతయి. గట్లయితే మెటలే. గీ వెండి కాంటాక్టులు ఎవరు పెట్టిండ్రు?"

మా హెడ్డు తల ఊపాడు. ఆ తల ఊగడానికి ఎవరన్నా నోరు తెరిస్తే చాలు.

"లేదు సార్," అందామె. "బ్యాండ్ లెక్కల ఒక ఎలక్ట్రాన్‌కు మిగిలినయన్నీ సగటున కనబడుతయి. గని గీడ ప్రతి నికెల్ మీద ముందే ఎలక్ట్రాన్లున్నయి. పక్కదానిమీదికి ఇంకొకటి దుంకితే, ఉన్నవాటికీ దానికీ వికర్షణ. గా ఖర్చు, కదిలితే మిగిలే శక్తికంటె ఎక్కువ. అందుకే ఎక్కడియక్కడనే ఉంటయి. కరెంటు పారది."

ఆయన బుర్రలో మాత్రం ఎలక్ట్రాన్లన్నీ కోరుట్ల షేర్ ఆటోలో జనం లాంటివి. ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి జాగా ఉంటుంది. ఒకే పరమాణువు మీద కూడితే అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయన్న ముక్క ఆ బుర్రకు ఎక్కలేదు.

"తే గిటు," అని కుంచె లాక్కుని, గోడకు సున్నం కొట్టినట్టు పేస్టు పూసి, టేబుల్ లైటు కింద ఆరబెట్టించాడు. మీటరు దాదాపు సున్నా చూపింది.

"చూసినవా? మెటల్!"

హెడ్డు చప్పట్లు కొట్టబోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ వైవాలో గైడు నోరెత్తకూడదన్నది మా దగ్గర పద్ధతి. ఆమె మీద జాలితో, ఆయన మీద అసహ్యంతో పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను.

ఆమె బిళ్ళను తిప్పి చూసి బ్లేడు అడిగింది. పక్క అంచు చుట్టూ కారి రెండు ముఖాలనూ కలిపేసిన వెండిని మెల్లగా గీకేసింది.

"మీరు కొలిచింది వెండిని సార్," అని మళ్ళీ మీటరు పెట్టింది. నిరోధం మునుపటిలాగే అందనంత.

పండితుడు గొంతు సవరించుకున్నాడు. "మీటర్ ఖరాబైనట్టుంది."

ఆమె మీటరు రెండు తీగల కొనలనూ ఒకదానికొకటి ఆనించి, సరిగ్గానే సున్నా చూపిస్తున్న మీటరును ఆయన ముఖం ముందు పెట్టింది. ఆయన పాస్ మార్కులు వేసి సంతకం పెట్టేదాకా ఆ కొనలను విడదీయలేదు.