చాంద్ పాషా ఫారంలో నేను కొట్టిన ‘నో’

కొత్తగూడెం కోర్టు గేటు పక్కన రేకుల కింద నా టైపు మిషను పెట్టుకుని అప్పటికి పంతొమ్మిదేళ్లు. నా పేరు వెంకటనారాయణ. నోరు కాస్త దురుసని అందరూ అంటారు, అబద్ధం కాదు. కానీ నేను కొట్టిన కాగితంలో తప్పు చూపించినవాడు లేడని ఊరంతా చెప్పుకునేవాణ్ణి. ఆ గర్వం 1995 ఆగస్టులో ఒక వడ్రంగి దగ్గర విరిగిపోయింది.

చాంద్ పాషాది చండ్రుగొండ. చెవిమీద పెన్సిలు, చొక్కా నిండా రంపపు పొట్టు. ఎక్కడ కూర్చోబోయినా ముందు ఆ బల్ల కాళ్లు ఊపి చూసేవాడు. మొదటిసారి వచ్చినప్పుడు నా స్టూలు ఊపి, “గిదేంది సార్, దీని మీద మనుషులు కూసుంటరా?” అని తిరగేసి, జేబులోంచి మేకు తీసి బిగించాడు. ఆ తర్వాతే వచ్చిన పని చెప్పాడు. సౌదీలో దమ్మామ్‌లో ఎనిమిదేళ్లు మంచాలు చేశాడు. ఆ వర్క్‌షాప్ మూతపడితే తిరిగొచ్చి రెండేళ్లుగా ఊళ్లో తలుపులు, దర్వాజాలు చేస్తున్నాడు. ఇప్పుడు అక్కడే ఇంకో యజమాని పిలిచాడు. నవంబరు ఆఖరుదాకా చూస్తా, రాకపోతే వేరేవాణ్ణి పెట్టుకుంటా అన్నాడు. పాస్‌పోర్టు గడువేమో దగ్గర పడింది, కొత్తది తీయాలి.

“సకీనాకు గుండె బాగలేదు సార్. హైదరాబాద్ దవాఖానాల ఆపరేషన్ జెయ్యాలన్నరు. ఈడ తలుపులు జేస్కుంట కూసుంటే అయ్యే పని కాదు,” అన్నాడు. సకీనా ఆయన భార్య.

ఫారం ఇంగ్లీషులో ఉంటుంది. ఒక్కో ప్రశ్న తెలుగులో అడుగుతూ జవాబు కొట్టుకుంటూ పోవడం నా పద్ధతి. పంతొమ్మిదేళ్లలో ఏ ప్రశ్నకు ఏమడగాలో నోటికి వచ్చేసింది. క్రిమినల్ కోర్టులో నీ మీద కేసు నడుస్తోందా అని ఫారం అడిగిన చోట నేనెప్పుడూ ఒకటే అడిగేవాణ్ణి.

“పోలీసు కేసులేమన్నా ఉన్నాయా?”

“తోబ తోబ! ఠాణా మెట్లెక్కలే సార్ నేను.”

నేను ‘నో’ అని కొట్టాను. ఆయన కింద సంతకం పెట్టాడు. ఫారం హైదరాబాదు పోయింది.

పద్దెనిమిది రోజులయ్యాక, ఒక సోమవారం పదకొండు గంటలకు, కోర్టు వరండాలోంచి బంట్రోతు కేక వినిపించింది. “చండ్రుగొండ చాంద్ పాషా! హాజర్ హో!”

నా వేళ్లు మీటల మీదే ఆగిపోయాయి. ఇంకో చాంద్ పాషా ఎవడైనా ఉంటాడులే అనుకున్నాను. “తండ్రి పేరు మస్తాన్!” అని రెండో కేక. ఆ తండ్రి పేరు ఫారంలో నేనే కొట్టాను.

లోపలికి పరిగెత్తి బెంచి గుమాస్తాను అడిగాను. అటవీశాఖ వేసిన కేసట. ఏడాది కింద పాషా కొట్టంలో పర్మిట్ లేని టేకు పలకలు దొరికాయి. ఆయన జామీను మీద ఉన్నాడు. ప్రతి వాయిదాకూ వకీలు ‘పార్టీ రాలేదు’ అని పిటిషను వేసి నెట్టుకొస్తున్నాడు, అందుకే ఆ పేరు నా చెవిన పడలేదు. ఆ రోజు వకీలు రావడం ఆలస్యమైంది. వారంటు పడేలోగా వకీలును రిక్షాలో లాక్కొచ్చి పిటిషను వేయించాను.

మర్నాడు బస్సెక్కి చండ్రుగొండ వెళ్లి పాషా మీద విరుచుకుపడ్డాను.

“ఏందయ్యా, కోర్టులో కేసు పెట్టుకుని లేదంటావా? నన్ను ముంచుదామనుకున్నావా?”

ఆయన ఉలి కింద పెట్టాడు. “గది జంగ్లాత్ కేసు గద సార్! గార్డులు రాసుకున్నరు. పోలీసోళ్లు యాడొచ్చిండ్రు? మా ఊళ్ల ఇంటికొకటుంటది జంగ్లాత్ కేసు. మీరు పోలీసు కేసులా అని అడిగిండ్రు, నేను లేదన్న.”

నిజమే, నేను అడిగిందే అది. ఫారం పోలీసుల సంగతి అడగలేదు, కోర్టు సంగతి అడిగింది. గార్డు వేసినా పోలీసు వేసినా మేజిస్ట్రేటు ముందు నడిచేది క్రిమినల్ కేసే. అది తెలియక పాషా తప్పు చెప్పాడు, తెలిసిన నేను తప్పు అడిగాను.

ఫారం కింద సన్న అక్షరాల్లో ఉండే హెచ్చరిక నాకు కంఠతా వచ్చు. తెలిసి అబద్ధం రాసినా, ఉన్నది దాచినా రెండేళ్లదాకా జైలు, ఐదువేలదాకా జుల్మానా. పాస్‌పోర్టు చేతికొచ్చాక బయటపడితే లాక్కుంటారు. దాచడానికి సాయపడ్డవాడికీ అదే శిక్ష. ఆ ఆఖరి ముక్క తలుచుకుంటే నాకు అన్నం సహించేది కాదు.

పాషా ఖమ్మంలో ఒక గల్ఫ్ ఏజెంటును అడిగి వచ్చాడు. ఏజెంటు నవ్వాడట. ఎంక్వైరీకి వచ్చే పోలీసు ఠాణా రికార్డు చూస్తాడు. జంగ్లాత్ కేసు ఠాణాలో ఉండదు. నోరు మూసుకుని కూర్చో, పాస్‌పోర్టు వచ్చేస్తుంది అన్నాడట.

“ఆ మాట నిజమేనా సార్?” అని అడిగాడు పాషా.

“నిజమే,” అన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను. “రావచ్చు. కానీ ఇన్నాళ్లూ నీకు తెలియదు. ఇప్పుడు తెలుసు. ఇప్పుడు దాస్తే అది దాచడమే. నేనిక నీ కాగితం ముట్టుకోను.”

“మరి చెబితే?”

“చెబితే నవంబరు దాటిపోవచ్చు. కేసూ పెట్టొచ్చు. ఏమవుతుందో నాకూ తెలియదు.”

నాలుగు రోజులు ఆయన రాలేదు. ఆ నాలుగు రోజులూ గేటు ముందు ఖాకీ బట్టలు కనిపిస్తే చాలు, మిషను వదిలి రేకుల చాటుకు పోయేవాణ్ణి. ఒక అఫిడవిట్‌లో తేదీ తప్పు కొట్టాను. వకీలు నా మొహంలోకి చూసి, “ఏంటి నారాయణా, జ్వరమా?” అన్నాడు.

ఐదో రోజు పొద్దున పాషా, సకీనా ఇద్దరూ వచ్చారు. ఆవిడ గేటునుంచి నా రేకులదాకా నడవడానికి రెండుసార్లు ఆగింది. స్టూలు మీద కూర్చుని ఊపిరి పీల్చుకుని అంది.

“భాయ్ సాబ్, నిన్న ఎంక్వైరీకి పూల్‌సింగ్ జమాదార్ వచ్చిండు. కేసులున్నయా అని అడిగిండు. ఈయనకు నోరు లేస్తలేదు. నేనే చెప్పిన, జంగ్లాత్ కేసుంది అని. రాస్కపోయిండు.”

“రాసుకున్నాడా!” అన్నాను.

“రాయనీయున్రి. నాకు ఆపరేషన్ అయితదో కాదో అల్లాకెరుక. గీ మనిషిని గాలిమోటర్ కాడ పట్టుకుని జైల్లేస్తే నేను ఆ దినమే పోత. గా భయంతోని బతుకుడు నాతోని కాదు.” తర్వాత నా వైపు చూసింది. “మీరు చిట్టీ కొట్టున్రి. పోలీసు రాసింది అందకముందే మనది అందాలె.”

చూడండి, పంతొమ్మిదేళ్లు కోర్టు గేటు దగ్గర కూర్చున్నవాడికి తట్టని మాట ఆ గుండెజబ్బు మనిషికి తట్టింది. అక్కడే కూర్చుని ఉత్తరం కొట్టాను. కేసు నంబరు, కోర్టు పేరు, వాయిదా తేదీ అన్నీ పెట్టాను. ‘అటవీ కేసు క్రిమినల్ కేసు కిందికి వస్తుందని తెలియక లేదని రాశాను, తెలిసిన వెంటనే విన్నవిస్తున్నాను’ అని పాషా మాటగా రాశాను. కింద నా మాట కూడా చేర్చాను: ప్రశ్నను తప్పుగా తెలుగు చేసి అడిగింది నేనే. ఆ ముక్క కింద నా సంతకం పెట్టాను. రసీదు తిరిగొచ్చే రిజిస్టరు పోస్టులో పంపాం.

మూడు వారాలకు సికిందరాబాదు పాస్‌పోర్టు ఆఫీసుకు రమ్మని కాగితం వచ్చింది. ఆఫీసులో పాషా బెంచీ కాళ్లు ఊపి చూడకుండానే కూర్చున్నాడు. ఆ మనిషి ఎంత బెదిరిపోయాడో నాకు అప్పుడు అర్థమైంది.

అధికారి బల్లమీద ఫారం, మా ఉత్తరం, పోలీసు రిపోర్టు మూడూ పక్కపక్కన ఉన్నాయి. ఆయన తేదీలు పోల్చి చూశాడు.

“మీ ఉత్తరం పన్నెండున వచ్చింది. రిపోర్టు పంతొమ్మిదిన వచ్చింది,” అన్నాడు. “ఇది తిరగబడి ఉంటే పైవాళ్ల అనుమతి తీసుకుని మీ ఇద్దరి మీదా కేసుకు రాసేవాణ్ణి. ఇప్పుడు తెలియక చేసిన పొరపాటని రాస్తున్నాను.”

పాషా అక్కడే నేలమీద కూలబడ్డాడు.

“లేవండి, ఇంకా అయిపోలేదు,” అన్నాడాయన. “కేసు నడుస్తుండగా మామూలుగా పాస్‌పోర్టు ఇవ్వం. దేశం దాటి పోవచ్చని ఆ కోర్టే ఆర్డరు ఇస్తే ఇస్తాం. కోర్టు ఎంతకాలం అంటే అంతకాలానికే. కాలం రాయకపోతే ఏడాదికే.”

అప్పటికి సెప్టెంబరు అయిపోయింది. వకీలు పిటిషను వేశాడు. దమ్మామ్ ఉత్తరం, సకీనా దవాఖానా కాగితాలు జత చేశాం. పాషా తిరిగి రాకపోతే ఎలా అని సర్కారు వకీలు అడ్డం పడ్డాడు. మేజిస్ట్రేటు జామీనుదారులు ఇద్దరు కావాలన్నారు. ఒకడు పాషా బావమరిది. రెండో మనిషి దొరకలేదు. బుద్ధి ఉందో లేదో, నేనే ముందుకెళ్లి నిలబడ్డాను. ఏడాదికి అనుమతి వచ్చింది. వచ్చే ఏడాది నవంబరు నాలుగున కోర్టులో హాజరు కావాలి, కాకపోతే వారంటు. నవంబరు ఇరవై రెండున, చేతిలో ఏడాది పాస్‌పోర్టుతో పాషా విమానమెక్కాడు.

ఆ ఏడాది నేను పడ్డ భయం ఎవరికి చెప్పుకోను! సకీనాకు ఆపరేషన్ అయింది, బతికింది. ఆ సంతోషంలోనూ నాకు నవంబరు నాలుగే కనిపించేది. పోయినవాడు అక్కడే ఉండిపోతే? నా భార్య రోజూ దెప్పేది: “వాళ్లెవరో, మనమెవరో! నీకెందుకయ్యా ఈ జామీను?”

నాలుగో తేదీ వచ్చింది. పదకొండయింది. బంట్రోతు వరండాలోకి వచ్చాడు. “చండ్రుగొండ చాంద్ పాషా! హాజర్ హో!” జవాబు లేదు. రెండో కేక. నేను లేచి నిలబడ్డాను, స్టూలు పడిపోయింది. మూడో కేక సగంలో ఉండగా గేటులోంచి పెట్టె భుజాన వేసుకుని ఒక మనిషి పరుగెత్తుకొస్తున్నాడు.

“హాజర్! హాజర్ సాబ్!”

మణుగూరు పాసింజరు రెండు గంటలు లేటట. కన్నీళ్లు వచ్చాయి, సిగ్గుపడను. తర్వాత బండబూతులు తిట్టాను, దానికీ సిగ్గుపడను.

ఆ కేసు కథ కూడా చెప్పాలి. ఆ పలకలు అమ్మింది పోతయ్య అనే రైతు. తన పట్టా చేలో టేకు కొట్టుకోవడానికి పర్మిట్ ఉంది. కోర్టంటే భయంతో రెండేళ్లు దాక్కున్నాడు. సకీనా పోయి అతని ఇంటి ముందు మూడు రోజులు కూర్చుంటే వచ్చి పర్మిట్ చూపించాడు. 1997 ఫిబ్రవరిలో పాషా నిర్దోషి అని కోర్టు కేసు కొట్టేసింది.

జడ్జిమెంటు నకలు తీసుకుని ఆయన మళ్లీ కొత్త ఫారంతో నా దగ్గరికి వచ్చాడు. స్టూలు కాళ్లు ఊపి చూసి కూర్చున్నాడు. ఆ ప్రశ్న దగ్గర ఈసారి నేను ఒక్క ముక్కా వదలకుండా అడిగాను. “పోలీసులు వేసిందైనా, అటవీశాఖ వేసిందైనా, ఇంకెవరు వేసిందైనా, ఏ క్రిమినల్ కోర్టులోనైనా నీ మీద కేసు నడుస్తోందా?”

పాషా ‘లేదు’ అనబోయి నాలుక కరుచుకున్నాడు.

“ఆగున్రి సార్,” అని లేచి కోర్టులోకి వెళ్లాడు. బెంచి గుమాస్తాను అడిగి రిజిస్టరు చూపించుకుని, పది నిమిషాలకు తిరిగొచ్చాడు. “లేదంట సార్. ఇగ కొట్టున్రి.”

నేను కొట్టలేదు. లేచి నేనూ వెళ్లి ఒకసారి చూసి వచ్చాను.