పంతులమ్మ గారికి ఏం వండాలి

నేను అక్షరాలు నేర్చుకున్నది ముప్పై అయిదు దాటాక. డెబ్బైల చివర ఉప్పలగుప్తం అవతల, సముద్రపు ఒడ్డున ఉన్న మా చేపల వేటగాళ్ల పేటకి ఒక పంతులమ్మ గారు మధ్యాహ్నాలు బస్సు దిగి నడిచొచ్చి ఆడవాళ్లకి చదువు చెప్పేవారు. వేదం చదువుకున్న ఇంటి పిల్ల. రెండు నెలలైనా మా చేతి మంచినీళ్లు తాగలేదు. సీసాతో తెచ్చుకునేవారు.

మా వాళ్లకది గుచ్చుకుంది. ఆవిడని భోజనానికి పిలుద్దాం, తింటే చదువుకుందాం, తినకపోతే మానేద్దాం అని తేల్చారు. నాకప్పటికి గుణింతం సగమే వచ్చింది. తరగతి ఆగితే నా చదువు అక్కడితో సరి. అందుకే భోజనం మా ఇంట్లో, వంట నాది అన్నాను.

పిలిస్తే వస్తానన్నారు. నీచు తిననని, ఉల్లి వెల్లుల్లి కూడా పనికిరావని చెప్పారు. నీచు సరే, ఉల్లిపాయేం చేసింది? తప్పించుకోడానికి దారి వేసుకుంటోందని నాకు అనుమానం.

"స్వయంపాకం ఇచ్చెయ్యవే. బియ్యం, పప్పు, అరటికాయలు పళ్లెంలో పెట్టి పంపితే ఇంటి కాడ ఆవిడే వండుకుంటాది" అంది మా అత్త.

అలాగైతే ఆవిడ మా ఇంట్లో తిన్నట్టా? నేను ఒప్పుకోలేదు. కుమ్మరి దగ్గర కొత్త కుండలు తెచ్చాను. ముద్దపప్పు, నెయ్యి, ఇంగువ పోపేసి కంద బచ్చలి, పెరుగు. కంద బచ్చలికి ఆవ నూరి కలపాలి. నూరడానికి ఉన్నది ఒకటే రోలు. నిన్నటిదాకా చేపల పులుసుకి వెల్లుల్లి నూరింది అందులోనే. చింతపండుతో, బూడిదతో మూడుసార్లు తోమాను. వాసన లేదంది అత్త. ఎండు చేపల మధ్య పుట్టిన ముక్కులు మావి, ఏం తెలుస్తుంది?

ఆవిడ అరిటాకు ముందు కూర్చున్నారు. గుమ్మం బయట మా వాళ్లు ఆవిడ చేతినే చూస్తున్నారు. పప్పన్నం నాలుగు ముద్దలు తిని, కూర మీద చెయ్యి పెట్టి ఆగారు.

"ఆవ దేంట్లో నూరేరండి?"

పరీక్ష పెడుతోందని ఒళ్లు మండింది. కొత్త రోలని ఒక్క మాట అంటే సరిపోయేది. నోరు రాలేదు.

"మా రోట్లోనేనండి. వెల్లుల్లి నూరే రోలే. తోమేను."

కూరని ఆకు అంచుకి జరిపారు. బయట మా తోటికోడలు లేవబోయింది.

"కూర వద్దండి. అన్నం ఇంకొంచెం పెట్టండి, పెరుగుతో తింటాను" అన్నారు. ఆపైన మా కుండలో నీళ్లూ అడిగారు.

తిన్నట్టా కానట్టా అని సాయంత్రం దాకా మా వాళ్లు వాదించుకున్నారు. అన్నం రెండుసార్లు పెట్టించుకుంది కదా అన్నాను నేను. మర్నాడు సగం మందే వచ్చారు. ఆ సగంలో నేనున్నాను. ఆవిడని పూర్తిగా నమ్మి వెళ్లానని మాత్రం చెప్పను.