మగ్గాలు ఆగిన మధ్యాహ్నం

ప్రొద్దుటూరులో మా పెద్దమ్మ ఇంటి గోడకు ఆవలే మరమగ్గాలు. పొద్దున మొదలైతే ఆ టకటక ఆగదు. ఆ ఇంట్లోనే ఆమె తన తల్లి దగ్గర నేర్చుకున్న తిరగలి పాటలు పాడేది. అవి ఇంకెవరికీ రావు. గొంతులో గడ్డకు ఆపరేషన్ చేయాలని, ఆ తర్వాత గొంతు మారినా మారొచ్చని డాక్టరు చెప్పాడు. "అంతలోపల నా పాటలు పట్టి పెట్టప్పా" అని నన్ను అడిగింది.

అప్పుడే కొత్త ఫోను కొన్న మురిపెంలో ఉన్నాను. ఆమె పట్టుచీర, వెనక ఇత్తడి బిందెలు నిండుగా కనబడాలని ఫోనును ఆరడుగుల దూరంలో స్టాండుకు బిగించాను. లైట్లన్నీ వేశాను. ముఖానికి చెమట పడుతుందని ఫ్యాను కూడా తిప్పాను. నాలుగు పాటలు తీసి జమ్మలమడుగులో ఉన్న మా అక్కకు పంపాను.

"బొమ్మ శానా బాగుండాది. పెద్దమ్మ ఏం పాడతాందో ఒక్క ముక్క తెలీలేదురా" అంది అక్క. నీ ఫోను పాతదిలే అని కసిరాను.

ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు, మిట్టమధ్యాహ్నం, పెద్దమ్మ వాట్సాప్‌లో మాట రికార్డు చేసి పంపింది. "కరెంటు పోయిండాది అప్పా. మగ్గాలు నిలిచిపోయినాయి. శానా నిమ్మళంగా ఉండాది. మళ్లీ కరెంటు వచ్చేలోపల బిన్నా రా, పాడతా."

నేను రెండు వీధుల అవతలే ఉన్నాను. "లైటు లేకుంటే బొమ్మ నల్లగా వస్తాది పెద్దమ్మా. కరెంటు రానీ, వస్తా" అన్నాను. సాయంత్రం కరెంటు వచ్చింది. దాంతోపాటే మగ్గాలూ మొదలైనాయి. మరుసటి రోజు ఆమెను ఆసుపత్రిలో చేర్చారు.

ఇంటికొచ్చినాక ఆమెకు బొంగురు తప్ప గొంతు రాలేదు. నా వీడియోల్లో చప్పుడు తీసేద్దామని కంప్యూటర్లో ఏవేవో చేశాను. మగ్గంతో పాటు ఆమె గొంతులో జీవం కూడా పోయింది. చివరికి పులివెందులలో పెళ్లి వీడియోలు తీసే ఒకాయన దగ్గరికి పోయాను.

"బొమ్మ మసగ్గా ఉన్నా జనం చూస్తారు మామా. మాట తెలీకుంటే నిమిషం నిలబడరు" అన్నాడాయన. "మైకు నోటికి జానెడు దూరంలో, రవ్వంత పక్కకు పెట్టాల. ఫ్యాను, ఫ్రిజ్జు ఆపాల. చుట్టూ బొంతలు కడితే గది మార్మోగదు. మగ్గం చప్పుడు మాత్రం బొంతలకు ఆగదు. అది ఆగినప్పుడే పట్టుకోవాల."

నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ మాట పెద్దమ్మ నాకు ముందే చెప్పింది.

మొన్న పోతే, "ఒక్క పాటన్నా బాగా వచ్చిందా అప్పా?" అని గుసగుసగా అడిగింది. వెతుకుతాండా అని అబద్ధం చెప్పి బయటికొచ్చాను.

ఆమె గొంతు స్పష్టంగా నా దగ్గర ఒక్కచోటే ఉంది. ఫ్యాను లేదు, మగ్గం లేదు, ఫోను నోటి దగ్గరే పెట్టుకుని మాట్లాడింది. ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతుంది. "బిన్నా రా, పాడతా" అంటుంది.