నీళ్లలో తిప్పిన తాళం

కరోనా రెండో ఏడు వానల్లో, మా సలాబత్‌పురా పేటలో నడుములోతు నీళ్ల మధ్య నా కారు ఆగిపోయింది. ఇన్సూరెన్స్ ఏజెంటు మా మేనమామ కొడుకే, నాకు బామ్మర్ది. ఫోన్ చేస్తే, "ఏం గాదు బావా, మళ్ల స్టార్ట్ చెయ్, ఫుల్ పాలసీ ఉంది" అన్నాడు. మూడుసార్లు తాళం తిప్పాను. లోపల ఏదో విరిగినట్టు చప్పుడైంది.

గ్యారేజీలో ఇంజన్ విప్పించిన ఇన్సూరెన్స్ కంపెనీ సర్వేయర్, తడిసిన సీట్లకూ వైరింగుకూ క్లెయిము వస్తుందన్నాడు. నీళ్లలో స్టార్ట్ చేసినందుకు ఇంజన్ లోపల వంగిన రాడ్డుకు రాదట, ఇంజన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ ఉంటే తప్ప. అంతకుముందు ఏడు నాకు అది ఉండేది. లాక్‌డౌన్‌లో ఫోన్ మీదే రెన్యువల్ చేస్తూ, ప్రీమియం తగ్గించాలని నాకు చెప్పకుండా తీసేసింది మా బామ్మర్దే. మనోడే కదా అని నేను కాగితం చదవలేదు.

నాతో గ్యారేజీకొచ్చి పక్కనే నిలబడ్డ బామ్మర్దిని చూశాను. వాడు సర్వేయర్ వైపు ఓసారి చూసి, నా ముందు తల కొట్టుకున్నాడు: "నీళ్లల్ల స్టార్ట్ చెయ్యమని నీకెవడు చెప్పిండు బావా?"